బేసిన్ కింద కారేది నట్టా, వాషరా, పైపా?

వాష్ బేసిన్ కింద నేల తడిగా కనపడితే చాలామంది మొదట చేసే పని, చేతికి అందిన నట్టును ఇంకాస్త బిగించడం. నట్టు నిజంగానే వదులై ఉంటే కారడం ఆగిపోతుంది. కాకపోతే ఆ బిగింపుకు లోపలి వాషరు నలుగుతుంది, ఒక్కోసారి నట్టే పగులుతుంది, ఎప్పుడో ఒక చుక్క కారేది ధారగా మారుతుంది. నీళ్లు పుట్టే చోటు ఒకటి, మనకు కనపడే చోటు మరొకటి కావడం వల్ల వచ్చే చిక్కు ఇది. పానా పట్టుకునే ముందు పావుగంట సేపు కాగితం ముక్కలతో చూస్తే తప్పు నట్టుదా, వాషరుదా, పైపుదా అన్నది ఎవరికి వారే తేల్చుకోవచ్చు. తేల్చుకోవడం ఎందుకంటే మూడింటికీ మందు వేరు. వదులైన నట్టుకు ఖర్చే లేదు. వాషరుకు పదో పరకో అవుతుంది. పైపు పాడైతే బాగుచేయడం కుదరదు, మార్చాల్సిందే.

ముందు ఆ పైపు సంగతి చూద్దాం. గోడలోంచి బయటికొచ్చే యాంగిల్ కాక్‌కూ బేసిన్ మీది కుళాయికీ మధ్య తీగల అల్లికతో మెరుస్తూ ఉండే పైపును ప్లంబర్లు, హార్డ్‌వేర్ షాపులవాళ్లు కనెక్షన్ పైపు అంటారు. ఎక్కువగా 18 అంగుళాలు, 24 అంగుళాల పొడవుల్లో దొరుకుతుంది. చూడ్డానికి స్టీలు పైపులా ఉన్నా అందులో నీళ్లు ఆ తీగలను తాకవు. లోపల సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది, నీళ్లు పోయేది అందులోంచి. రబ్బరు ఒక్కటే అయితే ఒత్తిడికి ఉబ్బి చిట్లిపోతుంది కాబట్టి దానిమీద తీగలు అల్లుతారు. సైకిల్ చక్రంలో గాలిని పట్టేది ట్యూబు, ఆ ట్యూబును ఉబ్బిపోకుండా పట్టేది టైరు. రబ్బరుకూ అల్లికకూ ఉన్న సంబంధం అదే. రెండు కొసల్లోనూ రబ్బరునూ అల్లికనూ కలిపి చిన్న స్టీలు తొడుగుతో ఫ్యాక్టరీలోనే గట్టిగా నొక్కేస్తారు. ఆ తొడుగు దగ్గర వదులుగా తిరిగే నట్టు, నట్టు లోపల ఒక చిన్న రబ్బరు వాషరు ఉంటాయి.

ఇక్కడే ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ అతుకులో నీళ్లను ఆపేది నట్టు మరలు కావు, వాషరు. నట్టు చేసే పనల్లా వాషరును కుళాయి కాడ అంచుకు అదిమి పట్టడమే. మరల మధ్య సందు ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా, లేకపోతే నట్టు తిరగదు. వాషరు సరిగ్గా కూర్చుంటే ఆ మరల దాకా నీళ్లు రానే రావు. వాషరును దాటి నీళ్లు వచ్చాయంటే అవి మరల వెంట పైకి వస్తాయి, లేదా నట్టు వెనక పైపు దూరిన సందులోంచి దిగుతాయి. అందుకే ఈ నట్టుకు టెఫ్లాన్ టేపు చుట్టడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. గోడలోని ఎల్బోలో యాంగిల్ కాక్‌ను బిగించేటప్పుడు టేపు తప్పనిసరి, ఎందుకంటే అక్కడ వాషరు ఉండదు, నీళ్లను మరలే ఆపాలి. ఒకే బేసిన్ కింద జానెడు దూరంలో రెండు రకాల అతుకులు ఉండటం వల్ల పని నేర్చినవాళ్లు కూడా ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

రెండో విషయం, కుళాయి కట్టేసినంత మాత్రాన ఈ పైపుకు విశ్రాంతి దొరకదు. నీళ్లను ఆపే చోటు కుళాయిలో ఉంది, పైపు దానికి ఇవతల ఉంది. కాబట్టి పగలూ రాత్రీ టాంకు ఒత్తిడంతా దీనిమీదే ఉంటుంది. డాబా మీది టాంకులో నీటిమట్టం బేసిన్ కన్నా 10 మీటర్ల ఎత్తున ఉంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. డాబా ఇంట్లో టాంకు మూడు నాలుగు మీటర్ల ఎత్తునే ఉంటుంది కాబట్టి అరిగిన వాషరు కూడా ఏళ్ల తరబడి గుట్టుగా నెట్టుకొస్తుంది. అదే వాషరు అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్లలో కారడం మొదలుపెడుతుంది. కొత్తగా ప్రెషర్ పంపు పెట్టించిన వారంలోనే బేసిన్ కింద తడి కనపడితే పంపును తప్పుపట్టకండి. పాత వాషరు బలహీనతను అది బయటపెట్టింది, అంతే.

ఎక్కడ తడుస్తోందో చూడటం

మొదట ఆ నీళ్లు మంచినీళ్ల పైపువా, వాడేసిన నీళ్లు పోయే వేస్ట్ పైపువా అన్నది తేల్చాలి. ఇది సులువు. బేసిన్‌ను ఓ రెండు గంటలు ఎవరూ వాడకుండా చూడండి. వాడకపోయినా చుక్క పడుతూనే ఉంటే అది ఒత్తిడి ఉన్న వైపు నుంచి, అంటే కనెక్షన్ పైపు, దాని నట్లు, యాంగిల్ కాక్‌లలో ఎక్కడో ఒకచోటి నుంచి వస్తోంది. బేసిన్‌లో నీళ్లు వదిలినప్పుడే కారితే అది వేస్ట్ పైపు సంగతి, ఈ వ్యాసంతో దానికి పనిలేదు. మూడో రకం ఒకటుంది, దాన్ని చాలామంది కనిపెట్టరు. కుళాయి మొదలు చుట్టూ బేసిన్ మీద నిలిచిన నీళ్లు కుళాయి కోసం చేసిన రంధ్రంలోంచి కిందికి దిగి, కాడ వెంట జారి, పై నట్టు కారుతున్నట్టే కనపడతాయి. రెండు గంటలు వాడకుండా ఉంచితే ఆ తడి ఆరిపోతుంది. అప్పుడు నట్టు జోలికి వెళ్లనక్కర్లేదు.

ఒత్తిడి వైపు అని తేలాక పొడిగుడ్డతో అన్నింటినీ శుభ్రంగా తుడవాలి. కుళాయి కాడ, పై నట్టు, దాని కింది తొడుగు, పైపు పొడవునా అల్లిక, కింది తొడుగు, కింది నట్టు, యాంగిల్ కాక్ పిడి చుట్టూ, గోడ అంచు, ఏదీ వదలకూడదు. అల్లిక సందుల్లో నీళ్లు దాక్కుంటాయి, ఒకసారి తుడిచి ఊరుకుంటే మిగిలిన తడి దొంగసాక్ష్యం చెబుతుంది. రెండు మూడు సార్లు తుడిచి కాసేపు ఆరనివ్వాలి. ఆ తర్వాత టిష్యూ కాగితాన్ని సన్నటి పట్టీలుగా చించి పైన చెప్పిన ఒక్కో చోట ఒక్కో పట్టీ విడివిడిగా చుట్టాలి. ఒకదానికొకటి తగలకూడదు. సెల్‌ఫోన్ టార్చి వెలుగులో పది నిమిషాలకోసారి చూస్తూ ఉంటే ఏదో ఒక పట్టీ రంగు మారుతుంది.

నీళ్లు కిందికే వెళ్తాయి కాబట్టి, తడిసిన పట్టీల్లో అన్నింటికన్నా పైనున్నదే అసలు చోటు. చెప్పడానికి చిన్నమాటే అయినా తప్పు జరిగేదంతా ఇక్కడే. పై కొసలో వరస ఇలా ఉంటుంది: పైన కాడ, దాని కింద నట్టు, దాని కింద తొడుగు, ఆ తర్వాత అల్లిక. కింది కొసలో వరస తిరగబడుతుంది: పైన అల్లిక, తర్వాత తొడుగు, తర్వాత నట్టు, అట్టడుగున యాంగిల్ కాక్. అందువల్ల పై కొసలో నట్టు కారితే తొడుగు తడుస్తుంది, పైపే పాడైందనిపిస్తుంది. కింది కొసలో తొడుగు కారితే నట్టు తడుస్తుంది, నట్టు వదులైందనిపిస్తుంది. రెండు చోట్లా కంటికి కనపడేది అబద్ధమే. అనుమానం తీరకపోతే పై నట్టుకు కొంచెం కింద, పైపు చుట్టూ పొడి నూలుదారం రెండు చుట్లు బిగించి కట్టి కొసను వేలాడదీయండి. పైనుంచి జారే నీళ్లు ఆ దారం పట్టుకుని అక్కడే చుక్కలుగా రాలతాయి. దారం కింది భాగం పొడిగా ఉండిపోతే పైపుకు ఏ పాపం లేదని అర్థం.

విజయవాడలో ఒక కేసు

విజయవాడలో మా మేనత్త ఉండేది స్టిల్ట్ పార్కింగు మీద అయిదంతస్తులున్న అపార్ట్‌మెంట్‌లో, మొదటి అంతస్తులో. టాంకు నీటిమట్టం ఆవిడ బేసిన్‌కు సుమారు 13 మీటర్ల పైన ఉంటుంది, అంటే ఒత్తిడి కిలోకు పైమాటే. నేను వెళ్లేసరికి యాంగిల్ కాక్ కింద స్టీలు గిన్నె పెట్టి ఉంది. సెకనుకు ఒకటి చొప్పున పడుతున్నాయి చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరని లెక్కేసుకుంటే రోజుకు నాలుగు లీటర్లకు పైనే.

"కింది నట్టే కారుతోందిరా. ప్లంబరు వచ్చి రెండుసార్లు బిగించి వెళ్లాడు. మూడోసారి వచ్చి కాకే మార్చాలంటున్నాడు" అంది అత్త.

"బిగించడం పైనా, కిందా అత్తా?"

"కిందే. చుక్క అక్కడే కదా పడుతోంది!"

అన్నీ తుడిచి పట్టీలు చుట్టాం. మొదట తడిసింది కింది నట్టు మీది పట్టీ కాదు, పై నట్టు అడుగున చుట్టింది. దాని పైన, కాడ మీది పట్టీ పొడిగానే ఉంది. కాబట్టి బేసిన్ మీది నుంచి దిగుతున్న నీళ్లు కావు. నట్టు దగ్గర పుట్టిన చుక్క తొడుగు మీదుగా, అల్లిక వాలు పట్టుకుని కిందిదాకా జారి, కాక్ మూలకు చేరి అక్కడ రాలుతోంది. కింది నట్టు మీద పడ్డ నింద అంతా పైనుంచి వచ్చిందే.

పై నట్టును చేత్తో కదిపి చూస్తే కదల్లేదు, గట్టిగానే ఉంది. గట్టిగా ఉన్న నట్టు కారుతోందంటే అది ఇంకాస్త బిగించమని అడగడం కాదు, విప్పి చూడమని చెప్పడం. కాక్ కట్టేసి, కుళాయి తిప్పి లోపలి ఒత్తిడి వదిలించి, కింద గిన్నె పెట్టి విప్పాం. కుళాయి కాడ మరల మీద టెఫ్లాన్ టేపు దళసరిగా చుట్టి ఉంది. నట్టు పైకి పోతూ పోతూ ఆ టేపులో బిగుసుకుపోయింది. చేతికి గట్టిగా తగిలింది ఆ బిగువే. వాషరు మాత్రం కాడ అంచుకు పూర్తిగా ఆనలేదు. బయటికి తీసి చూస్తే దానిమీద కాడ అంచు ముద్ర సగం వృత్తంగానే పడి ఉంది. రెండో సగం నున్నగా, ఎప్పుడూ ఒత్తిడి ఎరగనట్టు ఉంది. అంచు మీద ఉప్పునీళ్ల తెల్లటి పొర కూడా పేరుకుంది.

టేపంతా ఒలిచేశాం. పాత టూత్‌బ్రష్‌తో, నిమ్మరసంతో అంచును రుద్ది తుడిచాం. కొత్త వాషరు వేసి నట్టును చేత్తో చివరిదాకా తిప్పి, పానాతో పావు చుట్టు మాత్రం బిగించాం. పై నట్టు పొడిబారింది. రెండుసార్లు అనవసరంగా బిగించిన కింది నట్టును కూడా విప్పి చూస్తే దాని వాషరు నలిగి లోపలి రంధ్రంలోకి ఉబ్బి ఉంది. ఆ రంధ్రం మూసుకుపోతే కుళాయిలో నీళ్లు సన్నబడతాయి. అదీ మార్చాం. కాక్‌కు ఏ జబ్బూ లేదు.

వదులైన నట్టు ఎలా ఉంటుంది

నిజంగా వదులైన నట్టుకు ఒక గుర్తుంది. పానా అవసరం లేకుండా, తడి లేని చేత్తో తిప్పితేనే కదులుతుంది. కొత్తగా బిగించిన పైపులో మొదటి కొన్ని వారాల్లో ఇది మామూలే, ఎందుకంటే రబ్బరు వాషరు ఒత్తిడికి కొంత అణిగి నట్టుకు చోటిస్తుంది. బేసిన్ కింద బకెట్లు, చీపుర్లు పెట్టే ఇళ్లలో పైపుకు తగిలి తగిలి కూడా నట్టు వదులవుతుంది. అలాంటి నట్టును చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన పానాతో పావు చుట్టు వేస్తే చాలు. తిప్పేటప్పుడు పైపు మెలి తిరగకుండా రెండో చేత్తో పట్టుకోవాలి. మెలి పడ్డ పైపు తన మెలిక విప్పుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది, కొన్నాళ్లకు నట్టును అదే వదులు చేస్తుంది.

కింది నట్టు బిగించేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ఒక పానాతో యాంగిల్ కాక్ ఒంటిని కదలకుండా పట్టుకుని రెండో పానాతో నట్టు తిప్పాలి. అలా పట్టుకోకపోతే నట్టుతో పాటు కాక్ కూడా గోడలో కొంచెం తిరుగుతుంది. గోడలో ఎల్బో దగ్గర చుట్టిన టేపు పట్టు తప్పితే ఆ నీళ్లు టైల్స్ వెనక కారతాయి. పావు చుట్టుతో పోయే పని గోడ పగలగొట్టేదాకా వస్తుంది.

బిగించాక తుడిచి, మళ్లీ పట్టీ చుట్టి మర్నాటి ఉదయం దాకా ఉంచండి. పొడిగా ఉంటే తప్పు నట్టుదే, పని అయిపోయింది. ఆగినట్టే ఆగి నాలుగు రోజులకు మళ్లీ కారితే తప్పు వాషరుది. మళ్లీ బిగించకండి. బిగిస్తున్నప్పుడు నట్టు గట్టిపడుతూ గట్టిపడుతూ ఒక్కసారిగా తేలిగ్గా తిరగడం మొదలైతే మరలు అరిగిపోయాయి, లేదా నట్టు నిలువునా చీలింది. చవక పైపుల్లో ఇత్తడికి బదులు పోతపోసిన నాసిరకం లోహంతో చేసిన నట్లు ఇలా చీలుతుంటాయి. పైకి నికెల్ మెరుపు ఉండటం వల్ల వెంట్రుకంత చీలిక కనపడదు, వేలిగోరు పెట్టి రాస్తే తగులుతుంది. అప్పుడిక పైపు మొత్తం మార్చడమే దారి.

వాషరు చెప్పే సాక్ష్యం

విప్పిన వాషరును నీళ్లతో కడిగి వెలుగులో పెట్టి చూడండి. బాగున్న వాషరు రెండు వేళ్ల మధ్య మడిస్తే వంగి, వదలగానే తిరిగి బల్లపరుపుగా వస్తుంది. ముసలిదైన వాషరు వంగదు, వంచితే అంచున సన్నటి బీటలు కనపడతాయి. దానిమీద కాడ అంచు ముద్ర లోతైన గాడిలా శాశ్వతంగా పడి ఉంటుంది. రాస్తే వేలికి నల్లగా మసి అంటుకుంటే రబ్బరు కరిగిపోతోందని అర్థం. బ్లీచింగ్ పౌడర్ ఎక్కువ కలిసిన నీళ్లు వాడే చోట, గీజరు వేడినీళ్ల వైపు ఇది త్వరగా జరుగుతుంది. ముద్ర ఒకవైపే పడితే వాషరు బాగున్నా వంకరగా కూర్చుందన్నమాట. ఇసుక రేణువు ఒకటి ఇరుక్కున్నా చాలు, దాని పక్కనుంచి నీళ్లు దారి చేసుకుంటాయి. మునిసిపల్ పైపు మరమ్మతు జరిగిన తర్వాత, టాంకు కడిగించిన తర్వాత హఠాత్తుగా మొదలైన కారుడును ఈ కోణంలో కూడా చూడాలి.

కొత్త వాషరు కొనేటప్పుడు పాతది చేతిలో పెట్టుకుని వెళ్లడం మేలు. అర అంగుళం అని అడుగుతాం గానీ ఆ నట్టు మరల వెడల్పు కొలిస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు ఉంటుంది. అర అంగుళం అన్నది పాతకాలపు ఇనప పైపు లోపలి బోలును బట్టి వచ్చిన పేరు. నట్టులో పట్టే వాషరు వెడల్పు పద్దెనిమిది మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మరీ చిన్నదైతే పక్కకు జారుతుంది, పెద్దదైతే మడతపడుతుంది. కారడం ఆపాలని ఒకదాని మీద ఒకటి రెండు వాషర్లు వేయడం మన దగ్గర తరచూ కనపడే పని. అది నిలవదు. రెండింటి మధ్య జారుడు పుడుతుంది, పైగా నట్టుకు పట్టాల్సిన మరలు తగ్గిపోతాయి. గ్రీజు, గమ్ము, సఫేదా కూడా అక్కర్లేదు. నీళ్లతో తడిపి వేస్తే చాలు, మెలిపడకుండా కూర్చుంటుంది.

కొత్త వాషరు వేసి పావు చుట్టు బిగించినా అదే నట్టు దగ్గర తడి వస్తే కుళాయి కాడ అంచును వేలితో తడిమి చూడండి. సొట్టగానీ గీతగానీ ఉంటే ఎన్ని వాషర్లు మార్చినా లాభం లేదు. సన్నటి గరుకు కాగితాన్ని బల్లపరుపు చెక్కముక్కకు చుట్టి అంచును నునుపు చేయొచ్చు. లోతుగా ఉంటే కుళాయి మార్చాలి.

పైపు అయిపోయిందని ఎలా తెలుస్తుంది

పొడి టిష్యూతో పైపును పైనుంచి కిందిదాకా మెల్లగా తుడవండి. కాగితం ఎక్కడైనా చిక్కుకుని చినిగితే అక్కడ తీగ తెగింది. వేళ్లతో తుడవకండి, తెగిన తీగ సూదిలా దిగుతుంది. తుప్పు రంగు చారలు, తొడుగు అంచున ఆకుపచ్చగా లేదా తెల్లగా గడ్డకట్టిన పొర, ఒకచోట అల్లిక ఉబ్బి కళ్లు విచ్చుకోవడం, తొడుగుకు దగ్గర్లో పైపు మడతపడి ఉండటం, వీటిలో ఏది కనపడినా ఆ పైపు కాలం తీరింది. తీగ తెగిన చోట రబ్బరును పట్టి ఉంచేది ఏదీ ఉండదు. రబ్బరు అక్కడ బుడగలా ఉబ్బుతూ వస్తుంది, చివరికి ఒకరోజు పగులుతుంది.

ఒక చిక్కు ప్రశ్న మాత్రం ఉంది. రబ్బరుకు పైభాగంలో సూదిమొనంత బెజ్జం పడితే నీళ్లు అక్కడే బయటికి రావు. రబ్బరుకూ అల్లికకూ మధ్య సందులో జారి, పైపు వంపులో అట్టడుగు చోటనో, కింది తొడుగు నోటి దగ్గరో బయటపడతాయి. అప్పుడు కింది తొడుగు మీది పట్టీ తడుస్తుంది, దానిపైన అల్లికంతా పొడిగా కనపడుతుంది. బెజ్జం ఎక్కడుందో వెతకనక్కర్లేదు. తొడుగు లోపలి నుంచి గానీ అల్లిక సందుల్లోంచి గానీ నీళ్లు వస్తుంటే ఆ పైపు మార్చాలి. ఎం-సీల్ పూసినా, ఇన్సులేషన్ టేపు చుట్టినా ఒత్తిడికి ఆగదు. కొన్నాళ్లు ఆగినట్టు కనపడటం ఇంకా ప్రమాదం, ఎందుకంటే కింద రబ్బరు చిరుగు పెరుగుతున్నది మనకు కనపడదు.

స్టీలు తీగ తుప్పు పడుతుందా అని అడిగేవాళ్లున్నారు. నీళ్లకు కాదు, మనం బేసిన్ కింద దాచే సీసాలకు. బాత్రూం కడిగే ఆసిడ్, టాయ్‌లెట్ క్లీనర్, బ్లీచింగ్ పౌడర్ డబ్బా, ఇవన్నీ పెట్టుకోవడానికి మనకు దొరికే చోటు బేసిన్ కింది అరే. వీటి నుంచి వచ్చే ఆసిడ్ ఆవిరి, క్లోరిన్ మూత సరిగ్గా లేని సీసాలోంచి రోజూ కొద్దికొద్దిగా లేచి, తలుపు మూసిన అరలో నిలిచి, పల్చటి తీగల మీద చేరతాయి. మంచి స్టెయిన్‌లెస్ స్టీలును కూడా క్లోరైడు గుంటలు గుంటలుగా తినేస్తుంది, ఒత్తిడిలో ఉన్న తీగను పుటుక్కున తెంపుతుంది. చవక పైపుల్లో స్టీలుకు బదులు అల్యూమినియం తీగ ఉంటే అది తెల్లటి పొడిగా రాలుతుంది. కాబట్టి ఆ సీసాలను వేరే చోట పెట్టడం, పైపు నాణ్యత చూసుకోవడంతో సమానమైన జాగ్రత్త.

పైపు మార్చేటప్పుడు పొడవు సరిగ్గా చూసుకోవాలి. 18 అంగుళాలది లాగి పెట్టి బిగించే బదులు 24 అంగుళాలది ఒక వదులు వంపుతో పెట్టడమే మంచిది. అయితే ఆ వంపు తొడుగు దగ్గర నుంచే మొదలవకూడదు. తొడుగు దాటాక రెండు అంగుళాలైనా పైపు నిటారుగా పోవాలి, లేకపోతే అక్కడే మడత పడి అక్కడే చిట్లుతుంది. నట్టును మొదటి మూడు చుట్లు చేత్తోనే తిప్పాలి. మొదటి చుట్టులోనే గట్టిగా అనిపిస్తే మర తప్పుగా పట్టిందని అర్థం, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. వేడినీళ్ల వైపు, చన్నీళ్ల వైపు రెండు పైపులుండి ఒకటి పాడైతే రెండూ ఒకే వయసువి కాబట్టి రెండూ మార్చేయండి. వాటి ధరలో తేడా పెద్దగా ఉండదు, మళ్లీ ప్లంబరును పిలిచే ఖర్చు మాత్రం ఉంటుంది.

ఇంకో మాట. ఏళ్ల తరబడి తిప్పని యాంగిల్ కాక్‌ను ఈ పని కోసం మొదటిసారి తిప్పినప్పుడు అది పూర్తిగా మూసుకోకపోవచ్చు, లేదా పిడి దగ్గర కారవచ్చు. బలం ఉపయోగించకండి. ఆ బాత్రూంకు వచ్చే గేట్ వాల్వు కట్టేసి పని చేసుకోండి, లేదా డాబా మీద టాంకు దగ్గరి వాల్వు కట్టండి. పని అయ్యాక యాంగిల్ కాక్‌ను మెల్లగా, కొంచెం కొంచెంగా తెరవండి. ఆ తర్వాత నెలకోసారి దాన్ని ఒకసారి మూసి తెరుస్తూ ఉంటే అవసరమైన రోజున అది మాట వింటుంది.

కనెక్షన్ పైపు పూర్తిగా పగిలితే అపార్ట్‌మెంట్ ఒత్తిడికి నిమిషానికి పది లీటర్లకు పైగా నీళ్లు వచ్చిపడతాయి. వెయ్యి లీటర్ల టాంకు గంటా నలభై నిమిషాల లోపలే ఖాళీ అవుతుంది, కింది ఫ్లాటువాళ్ల సీలింగు తడిసిపోతుంది. పైపు అయిదారేళ్లు దాటినదైతే కారినా కారకపోయినా ఒకసారి టిష్యూతో తుడిచి చూడండి. పండక్కి ఊరు వెళ్లేముందు ఇంటికి తాళం వేసేటప్పుడు బాత్రూం గేట్ వాల్వు కూడా కట్టేసి వెళ్లండి.